ఐటీఆర్-4 వేసిన ఎల్‌ఐసీ ఏజెంటుకు డిఫెక్టివ్ నోటీసు: పదిహేను రోజుల్లో ఐటీఆర్-3 ఎట్లా వెయ్యాలి

ప్రశ్న: నేను ప్రొద్దుటూరులో ఎల్‌ఐసీ ఏజెంటుని. 2024-25 సంవత్సరానికి కమీషన్ 6,80,000 వచ్చింది, టీడీఎస్ 34,000 పట్టినారు. ఇంటర్నెట్ సెంటర్లో ఆగస్టు 28న ఐటీఆర్-4 వేయించినా, సగం ఆదాయం చూపించి 3,40,000 అని రాసినారు. రీఫండ్ వస్తుందనుకుంటే నవంబర్ 3న 139(9) కింద డిఫెక్టివ్ అని నోటీసు వచ్చింది. ఫారం తప్పంట. ముందు ఏండ్లు ఇదే ఫారం వేస్తే ఏమీ రాలేదు. ఇప్పుడు 15 రోజుల్లో ఏం చెయ్యాలి? రీఫండ్ పోతుందా? పెనాల్టీ పడుతుందా?

జవాబు:

అన్నా, రీఫండ్ పోదు, గడువులోపల సరిచేస్తే పెనాల్టీ కూడా లేదు. మీరు చెయ్యాల్సింది ఒకటే: నవంబర్ 18 లోపల ఐటీఆర్-3 తయారు చేసి, దాన్ని ఆ నోటీసుకు జవాబుగా ఆదాయపు పన్ను పోర్టల్లోని e-Proceedings లో పెట్టాలి. మామూలుగా కొత్త రిటర్న్ వేసినట్టు వేయొద్దు. మీ లెక్కలకు సరైన ఫారంలో కూడా పన్ను సున్నానే వస్తుంది, 34,000 మొత్తం వెనక్కి వస్తుంది. ఎట్లా అనేది కింద లెక్కతో చూపిస్తా.

ముందు ఫారం ఎందుకు తప్పయిందో తెలుసుకోండి, లేకపోతే జవాబులో మళ్లా అదే తప్పు జరుగుతుంది. ఐటీఆర్-4 లెక్కాపత్రం లేకుండా అంచనా మీద ఆదాయం చూపించేవాళ్ల ఫారం. చిన్న వ్యాపారులకు ఆ వెసులుబాటు ఇచ్చేది 44ఏడీ సెక్షను. టర్నోవర్‌లో 8 శాతం, బ్యాంకు ద్వారా వచ్చినదానికి 6 శాతం, లేదా అంతకు పైన ఎంతైనా ఆదాయంగా చూపించుకోవచ్చు. అయితే అదే సెక్షన్లో ఆరో ఉపసెక్షను ఉంది. కమీషన్, బ్రోకరేజీ రూపంలో ఆదాయం వచ్చేవాళ్లకు, ఏజెన్సీ వ్యాపారం చేసేవాళ్లకు ఈ పద్ధతి వర్తించదని అందులో నేరుగా ఉంది. కిరాణా అంగడికి, బట్టల షాపుకు పనికొచ్చేది ఇన్సూరెన్స్ ఏజెంటుకు పనికిరాదు. డాక్టర్లు, లాయర్లు వాడే 44ఏడీఏ కూడా మీకు రాదు, ఎందుకంటే అది చట్టం పేరుపెట్టి చెప్పిన వృత్తులకే. రెండూ లేనప్పుడు మిగిలేది ఐటీఆర్-3. సగం చూపించినా, ముప్పాతిక చూపించినా తేడా లేదు. తప్పు శాతంలో లేదు, సెక్షన్లో ఉంది.

రిటర్న్‌లు ప్రాసెస్ చేసే బెంగళూరు సీపీసీకి ఇది ఎట్లా తెలిసిందంటే, మీ పాన్ మీద పట్టిన టీడీఎస్ అంతా చూపించే 26ఏఎస్‌లో అది 194డీ కింద పడింది. 194డీ అంటే ఇన్సూరెన్స్ కమీషన్. రిటర్న్‌లో ఆ టీడీఎస్ క్రెడిట్ అడిగి, ఆదాయం మాత్రం 44ఏడీ కింద చూపిస్తే రెండూ పొసగవు. ముందు ఏండ్లలో నోటీసు రాకపోవడం ఆ ఫారం సరైనదని చెప్పే సాక్ష్యం కాదు, అప్పుడు పట్టుకోలేదంతే. జవాబులో ఆ మాట రాయబాకండి.

నోటీసు చదవడం

మెయిల్‌లో వచ్చిన పీడీఎఫ్ పాస్‌వర్డ్ అడిగితే పాన్ నంబరు చిన్న అక్షరాల్లో, దాని వెంటనే పుట్టిన తేదీ ఖాళీ లేకుండా కొట్టండి. పాన్ ABCDE1234F, పుట్టిన తేదీ 1978 జూన్ 1 అయితే ఇట్లా:

```
abcde1234f01061978
```

అందులో మూడు విషయాలు కాగితం మీద రాసి పెట్టుకోండి: నోటీసు తేదీ, దాని డిన్ అనే గుర్తింపు నంబరు, లోపం ఏమిటని రాసినారో ఆ వాక్యం. వీటితోపాటు ఆగస్టు 28న వేసిన ఐటీఆర్-4 అక్నాలెడ్జ్‌మెంట్ తీయండి, దాని మీద 15 అంకెల నంబరు ఉంటుంది. ఈ నాలుగూ లేకుండా ఐటీఆర్-3 మొదలుపెట్టొద్దు, మధ్యలో ఆగిపోతారు.

లోపం వాక్యం ఎందుకు చదవమంటున్నానంటే, కొన్ని నోటీసుల్లో ఒకటి కాదు, రెండు లోపాలు ఉంటాయి. ఫారం తప్పు అని ఒకటి, 26ఏఎస్‌లో కనిపించే రాబడి కంటే రిటర్న్‌లో చూపించిన రాబడి తక్కువ అని ఇంకొకటి. ఫారం మార్చి రెండోది వదిలేస్తే పని సగమే అయినట్టు.

15 రోజులు నోటీసు అందిన నాటి నుంచి లెక్క. మీరు మెయిల్ తెరిచిన రోజు నుంచి అని వాదించుకునే అవసరం పెట్టుకోకుండా, నోటీసు మీద ఉన్న నవంబర్ 3 నుంచే లెక్కేసుకోండి. 18వ తేదీ ఆఖరు. పోర్టల్లో నోటీసు పక్కనే ఆఖరు తేదీ కనిపిస్తుంది, దాన్నే పట్టుకోండి. కడప ఆదాయపు పన్ను ఆఫీసుకు పోయి కాగితం ఇచ్చి వస్తే సరిపోతుందని కొందరు పోతారు. ఈ నోటీసు ఇచ్చింది సీపీసీ, జవాబు పోర్టల్లోనే పెట్టాలి. కడపలో ఇచ్చిన కాగితంతో ఆ గడువు ఆగదు.

లెక్క తయారు చేయడం: పనంతా ఇక్కడే ఉంది

ఐటీఆర్-4లో మూడు నాలుగు అంకెలతో పని అయిపోయింది. ఐటీఆర్-3 లాభనష్టాల ఖాతా, బ్యాలెన్స్ షీటు అడుగుతుంది. భయపడాల్సింది లేదు, ఏజెంటు లెక్క ఒక పేజీలో సరిపోతుంది. ఉదాహరణకు మీ కమీషన్ తీసుకుని, ప్రొద్దుటూరులో ఒక గది పెట్టుకుని మైదుకూరు, జమ్మలమడుగు, చాపాడు వైపు పాలసీలకు తిరిగే ఏజెంటు ఖర్చులు వేస్తా. మీ అసలు అంకెలు మీరు పెట్టుకోండి, వీటిని ఎత్తి రాయొద్దు.

రాబడి 6,80,000. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. బ్యాంకు పాస్‌బుక్ చూసి రాస్తే 6,46,000 వస్తుంది, ఎందుకంటే అది టీడీఎస్ పట్టుకున్నాక పడిన సొమ్ము. పట్టుకున్న 34,000 కూడా మీ రాబడే. లాభనష్టాల ఖాతాలో రాసే రాబడి 26ఏఎస్‌లో కనిపించే మొత్తానికి తగ్గకూడదు. తగ్గితే సరిచేసిన రిటర్న్‌కే ఇంకో నోటీసు రావచ్చు. 2024-25లో 194డీ రేటు 5 శాతం కాబట్టి 34,000ను 5తో భాగించి 100తో గుణిస్తే 6,80,000 రావాలి, సరిచూసుకోండి. 2025 ఏప్రిల్ నుంచి రేటు 2 శాతానికి దిగింది, వచ్చే ఏడాది ఈ లెక్క పనిచేయదు.

ఖర్చులు: పెట్రోలు, బండి రిపేర్లు 54,000. ఫోను, ఇంటర్నెట్ 12,000. గది బాడుగ నెలకు 4,000 లెక్కన 48,000. ప్రీమియం రసీదులు, ఫారాలు చూసే పిల్లవానికి నెలకు 6,000 లెక్కన 72,000. క్యాలెండర్లు, డైరీలు, స్టేషనరీ 20,000. బండి తరుగుదల 6,000. మొత్తం 2,12,000. రాబడిలో తీసేస్తే నికర ఆదాయం 4,68,000.

తరుగుదల గురించి ఆగి చెప్పాలి. బండి కొన్నప్పటి ధర నుంచి ఏడాదికి 15 శాతం చొప్పున తగ్గించుకుంటూ వస్తే ఈ ఏడాది మొదట్లో విలువ 40,000 అనుకుందాం. దానిమీద 15 శాతం 6,000. దీన్ని లాభనష్టాల ఖాతాలో రాసి ఊరుకుంటే చాలదు. ఐటీఆర్-3లో Schedule BP ముందు ఆ 6,000ను లాభానికి తిరిగి కలుపుతుంది, తర్వాత Schedule DPM లో మీరు లెక్క చూపిస్తేనే తీసేస్తుంది. DPM లో 15 శాతం గడిలో 40,000 నింపకపోతే, మీ ఆదాయం 4,68,000 బదులు 4,74,000 అని చూపిస్తుంది. లెక్క 6,000 తేడా ఎందుకొస్తుందో తెలియక జుట్టు పీక్కునేది ఇక్కడే. బండి ఇంటి పనులకు కూడా వాడుతుంటే పెట్రోలు, తరుగుదల రెండింట్లోనూ ఆ వాటా వదులుకోవాలి.

సేవింగ్స్ ఖాతా వడ్డీ 6,000 ఉందనుకోండి, అది ఇతర ఆదాయంలో వేరేగా పోతుంది. మొత్తం ఆదాయం 4,74,000. కొత్త పన్ను విధానంలో 2024-25కు 3 లక్షల దాకా పన్ను లేదు, పైన 7 లక్షల దాకా 5 శాతం. అంటే 1,74,000 మీద 8,700. మొత్తం ఆదాయం 7 లక్షలు దాటలేదు కాబట్టి 87ఏ రిబేటు కింద అది మొత్తం పోతుంది. కట్టాల్సింది సున్నా, రీఫండ్ 34,000. ఐటీఆర్-4లో 3,40,000 చూపించినప్పుడూ ఇదే రీఫండ్, నిజమైన లెక్కతోనూ అదే రీఫండ్. సగం అని గాలిలో రాసిన అంకె మీకు ఒక్క రూపాయి కూడా మిగల్చలేదు, నోటీసు మాత్రం తెచ్చిపెట్టింది.

ఈ సందర్భంగా ఒక పాత నమ్మకం గురించి. ఏజెంట్లకు కమీషన్‌లో మూడో వంతో, మొదటి ఏడాది కమీషన్‌లో సగమో రుజువులేకుండా ఖర్చుగా వదిలేస్తారని చెబుతుంటారు. ఆ సర్క్యులర్ నిజమే, తొంభైల నాటిది. కానీ అది స్థూల కమీషన్ ఏడాదికి 60,000 లోపల ఉన్నవాళ్లకే, మొత్తం మినహాయింపు కూడా 20,000 దాటకూడదు. 6,80,000 ఉన్నవాళ్లకు దాంతో సంబంధం లేదు. మీకు అసలు ఖర్చులే, వాటి రసీదులే.

ఇప్పుడు బ్యాలెన్స్ షీటు. మార్చి 31న వ్యాపారంలో మీకు ఏమున్నాయో, ఎవరికి బాకీ ఉన్నారో అంతే. బండి 34,000 (40,000లో తరుగుదల పోగా). బ్యాంకులో 1,44,000. చేతిలో నగదు 8,000. రావాల్సిన టీడీఎస్ 34,000. మొత్తం 2,20,000. బండి లోను బాకీ 30,000 ఉంటే, మిగిలిన 1,90,000 మీ మూలధనం. రెండు వైపులా 2,20,000 రావాలి. ముందు ఏండ్లు బ్యాలెన్స్ షీటు లేదు కాబట్టి మూలధనం ఎక్కడిదని దిగులు వద్దు. ఆస్తుల్లోంచి అప్పులు తీసేస్తే వచ్చేదే మూలధనం, మొదటి ఏడాది ఎవరైనా అట్లాగే మొదలుపెడతారు. బ్యాంకు నిల్వ మాత్రం మార్చి 31 స్టేట్‌మెంట్ చూసి రాయండి, అందాజుగా వద్దు.

ఫారంలో లెక్కలు పెట్టనివాళ్ల కోసం ఒక పొట్టి దారి ఉంది. అక్కడ రాబడి, స్థూల లాభం, ఖర్చులు, నికర లాభం అని నాలుగు అంకెలు, బ్యాలెన్స్ షీటు కింద బాకీదారులు, అప్పులవాళ్లు, సరుకు, నగదు అని నాలుగు అంకెలు వేస్తే అయిపోతుంది. కొందరు అందరికీ అదే నింపి పంపుతారు. మీకు నేను అది చెప్పను. ముందు మూడేండ్లలో ఏ ఒక్క ఏడాదైనా వ్యాపార ఆదాయం 2,50,000 దాటితే లెక్కలు రాయాల్సిందేనని 44ఏఏ చెబుతుంది. ఈ స్థాయి కమీషన్ ఉన్న ఏజెంటు అది దాటే ఉంటాడు. లెక్కలు రాయలేదని మీ చేత్తో మీరే రాసిచ్చినట్టు అవుతుంది, దానికి 25,000 జరిమానా వేసే సెక్షను వేరే ఉంది. పూర్తి ఖాతా నింపడానికి ఒక పూట ఎక్కువ పడుతుంది, అంతే.

ఫారంలో నోటీసు వివరాలు

పోర్టల్లో Downloads నుంచి ఆ సంవత్సరం, అంటే అసెస్‌మెంట్ ఇయర్ 2025-26 ఆఫ్‌లైన్ యుటిలిటీ దించుకుని ఐటీఆర్-3 ఎంచుకోండి. సంవత్సరం పేరు దగ్గర పొరపాటు పడొద్దు, సంపాదించింది 2024-25, రిటర్న్ 2025-26ది.

సాధారణ వివరాల పేజీలో Filed u/s అని ఉంటుంది. అక్కడ 139(1) గానీ 139(5) గానీ కాదు, 139(9) ఎంచుకోవాలి. అది ఎంచుకోగానే మీరు కాగితం మీద రాసుకున్నవి అడుగుతుంది: పాత రిటర్న్ 15 అంకెల నంబరు, అది వేసిన తేదీ, నోటీసు డిన్, నోటీసు తేదీ. పాత రిటర్న్ తేదీ దగ్గర ఆగస్టు 28, నోటీసు తేదీ దగ్గర నవంబర్ 3. ఈ రెండు తేదీలు తారుమారైతే ఫైలు అప్‌లోడ్ దగ్గరే తిరగ్గొడుతుంది.

అదే భాగంలో లెక్కలు రాయాలా అనే ప్రశ్నకు అవును, 44ఏడీ లాంటి అంచనా పద్ధతిలోనే చూపిస్తున్నారా అనే దానికి కాదు, 44ఏబీ ఆడిట్ ఉందా అనే దానికి కాదు. ఆడిట్ గురించి ఇంటర్నెట్ సెంటర్లలో భయపెడతారు, లాభం 8 శాతం కంటే తగ్గితే ఆడిట్ అని. ఆ నిబంధన 44ఏడీ లోపల ఉన్నవాళ్లది. మీరు ఆ సెక్షన్లోకే రారు, మీ రాబడి కోటికి దరిదాపుల్లో లేదు. ఆడిట్ లేదు.

వ్యాపార స్వభావం కోడ్ దగ్గర రిటైల్ అనో, ఇతర వ్యాపారం అనో పాతదే ఎంచుకోకుండా, జాబితాలో ఇన్సూరెన్స్, ఆర్థిక మధ్యవర్తిత్వం కిందికి వచ్చేది ఎంచుకోండి. టీడీఎస్ షెడ్యూలులో 34,000 ఎదురుగా అది ఏ ఆదాయం కింద చూపించినారో అడుగుతుంది, వ్యాపార ఆదాయం అని పెట్టండి. ఇతర ఆదాయం అని పెడితే లాభనష్టాల ఖాతాలో ఉన్న 6,80,000తో అతకదు.

పన్ను విధానం ఎంపిక ఒకటి ఉంది. ఏమీ చేయకపోతే కొత్త విధానమే. వ్యాపార ఆదాయం ఉన్నవాళ్లు పాత విధానం కావాలంటే ఫారం 10-ఐఈఏ రిటర్న్ గడువులోపల వేసి ఉండాలి, ఈ సంవత్సరానికి ఆ గడువు సెప్టెంబర్ 16తో అయిపోయింది. మీకు కొత్త విధానంలో పన్నే లేదు కాబట్టి ఇబ్బంది లేదు. కమీషన్‌ను ఇతర ఆదాయమని ఐటీఆర్-1లో చూపించి పాత విధానంలో 80సీ వాడుకున్నవాళ్లకు మాత్రం ఇది గట్టి దెబ్బ. ఐటీఆర్-3కి మారేసరికి 10-ఐఈఏ లేక పాత విధానం పోతుంది. అట్లాంటివాళ్లు జవాబు పెట్టే ముందే పన్ను లెక్క మళ్లా వేసుకుని, బాకీ వస్తే ముందు కట్టి, చలాన్ వివరాలు ఫారంలో ఎక్కించి అప్పుడు పంపాలి.

అన్నీ నింపినాక యుటిలిటీలో సరిచూసుకునే బటన్ నొక్కితే ఎర్ర గుర్తులు వస్తాయి. అవన్నీ పోయినాకే పోర్టల్లో అప్‌లోడ్ చేసే JSON ఫైలు తీయండి.

జవాబు పెట్టడం

పోర్టల్లో దారి ఇది:

```
Pending Actions > e-Proceedings > View Notice > Submit Response
```

అక్కడ Agree, Disagree అని రెండు ఉంటాయి. మీరు Agree. ఫారం రకం ఐటీఆర్-3 ఎంచుకుని, JSON అప్‌లోడ్ చేసి, డిక్లరేషన్ టిక్ పెట్టి పంపండి. ఒకసారి పంపిన జవాబును మార్చడానికి గానీ వెనక్కి తీసుకోవడానికి గానీ ఉండదు. అందుకే ఫైలు చేతిలో లేకుండా ఆ పేజీలోకే పోవద్దు. గడువు దగ్గరపడిందని కొందరు Disagree నొక్కి, త్వరలో సరైన ఫారం వేస్తామని రాసి పంపుతారు. అప్పుడు ఫారం సరైనదేనని మీరు వాదించినట్టు అవుతుంది, సరిచేసిన రిటర్న్ మాత్రం పోలేదు.

Disagree ఎవరికంటే, నిజంగా ఫారం సరైనదైనవాళ్లకు. వస్తువులు అమ్మే అంగడివానికి ఇచ్చిన డిస్కౌంటు మీద ఎవరో పొరపాటున 194హెచ్ కింద కమీషన్ అని టీడీఎస్ పట్టినారనుకోండి. ఆయన వ్యాపారం వ్యాపారమే, కమీషన్ కాదు. కారణం, బిల్లుల వివరం రాసి Disagree పెట్టొచ్చు. ఎల్‌ఐసీ ఏజెంటుకు ఆ దారి లేదు.

పంపినాక ట్రాన్సాక్షన్ నంబరు వస్తుంది, స్క్రీను సేవ్ చేసుకోండి. వెరిఫై చేయమని అడిగితే ఆధార్ ఓటీపీతో అప్పుడే చేసేయండి, రేపు చూద్దామని వదలొద్దు. రెండు మూడు రోజుల తర్వాత View Filed Returns లో 139(9) కింద ఐటీఆర్-3 కనిపిస్తుందా, దాని కింద వెరిఫికేషన్ పెండింగ్ అని ఏమైనా ఉందా చూడండి. ఆ తర్వాత అది మామూలు రిటర్న్ లాగానే ప్రాసెస్ అయి 143(1) కింద సమాచారం వస్తుంది, రీఫండ్ వ్యాలిడేట్ చేసిన బ్యాంకు ఖాతాలో పడుతుంది.

18వ తేదీకి కాకపోతే

అదే e-Proceedings లో గడువు పొడిగించమని అడిగే వీలుంది, Adjournment అని కనిపిస్తుంది. కారణం రాసి, ఎప్పటికి కావాలో తేదీ పెట్టి, 18వ తేదీ రాకముందే అడగాలి. అడిగినంత మాత్రాన ఇచ్చినట్టు కాదు, మళ్లా లోపలికి పోయి కొత్త తేదీ మారిందో లేదో చూడాలి.

గడువు దాటిపోయినా అసెస్‌మెంట్ కాకముందు సరిచేస్తే ఆలస్యాన్ని మన్నించే అధికారం చట్టం ఇచ్చింది, కానీ అది అధికారి ఇష్టం. దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. మన్నించకపోతే ఆగస్టులో వేసిన రిటర్న్ చెల్లదు, అసలు వేయనట్టే లెక్క. అప్పుడు డిసెంబర్ 31 దాకా బిలేటెడ్ రిటర్న్ ఐటీఆర్-3లో వేసుకోవచ్చు. మొత్తం ఆదాయం 5 లక్షల లోపల కాబట్టి 234ఎఫ్ కింద 1,000 ఆలస్య రుసుము పడుతుంది, 34,000లో 33,000 చేతికి వస్తుంది. 5 లక్షలు దాటినవాళ్లకు ఆ రుసుము 5,000.

డిసెంబర్ 31 కూడా దాటిందంటే పని నిజంగా కష్టం. అప్‌డేటెడ్ రిటర్న్ ఉంది కదా అంటారు, దాంతో రీఫండ్ అడగడానికి లేదు. 119(2)(బి) కింద ఆలస్యం మన్నించమని అర్జీ పెట్టుకోవాలి. అసెస్‌మెంట్ సంవత్సరం ముగిసిన నాటి నుంచి ఐదేండ్ల దాకా పెట్టొచ్చు, అయితే ఆలస్యానికి సరైన కారణం చూపించాలి.

డిసెంబర్ 31 దాకా టైము ఉంది కదా, నోటీసును వదిలేసి 139(5) కింద రివైజ్డ్ రిటర్న్ వేస్తే పోదా అని అడుగుతారు. గడువు ఉన్నంతకాలం పోర్టల్ దానికీ ఒప్పుకుంటుంది. అయినా నా సలహా నోటీసుకు జవాబే. సరిచేసిన రిటర్న్ ఆగస్టు 28న వేసినదానికి కొనసాగింపుగా నిలబడుతుంది, నోటీసు కూడా మూతపడుతుంది. రివైజ్డ్ వేసి నోటీసును అట్లే వదిలేస్తే అది e-Proceedings లో తెరిచే ఉండి, మూల రిటర్న్ చెల్లదని తేలితే దాన్ని సవరించిన రిటర్న్ సంగతేమిటనే చిక్కు వస్తుంది.

ముందు ఏండ్ల ఐటీఆర్-4ల గురించి మీరు అడగలేదు గానీ, వాటికి ఇప్పుడు ఈ జవాబుతో పని లేదు, ఈ ఫారంలో వాటి ప్రస్తావన తేవొద్దు. ఆ ఏండ్ల రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు మాత్రం పారేయబాకండి. 2025-26 సంవత్సరానికి ఇప్పటినుంచే పెట్రోలు బిల్లులు, గది బాడుగ రసీదులు ఒక ఫైలులో పెట్టుకుంటే, వచ్చేసారి ఐటీఆర్-3 నేరుగా వేసేటప్పుడు మీ మూలధనం అంకె 1,90,000 లాంటిది ఈ బ్యాలెన్స్ షీటు నుంచే మొదలవుతుంది. ఈ ఏడాది పంపిన JSON, దాని పీడీఎఫ్ రెండూ దాచుకోండి.